గ్యాసు కూడా కలిపి ఇస్తామన్న ఒప్పందం: ఒక ఏసీ మరమ్మతు దుకాణం కథ

శ్రీకాకుళంలో చిన్న దుకాణాలకు లెక్కలు రాసి పెట్టడం నా పని. లెక్కలు చూసేవాడిని యజమానులు సలహా కూడా అడుగుతారు. ఇక్కడ రాస్తున్నది అలా అడిగితే నేను ఇచ్చిన ఒక సలహా, అది బెడిసికొట్టిన తీరు, తర్వాత దాన్ని సరిచేసుకున్న తీరు. దుకాణదారు అనుమతి తీసుకున్నాను. ఆయన ఎవరో తెలిసే వివరాలు తీసేశాను. అంకెలను దగ్గరి గుండు సంఖ్యలకు సవరించాను.

దుకాణం పరిస్థితి

ఆయన పద్నాలుగేళ్లుగా ఏసీలు, ఫ్రిజ్‌లు బాగుచేస్తున్నారు. ఇద్దరు మెకానిక్‌లు జీతానికి ఉన్నారు. ఎండాకాలంలో ఒక కుర్రాడు సాయానికి వస్తాడు. అద్దె, ఇద్దరి జీతాలు, పెట్రోలు, ఫోన్లు కలిపి నెలకు 44 వేలు ఖర్చు. ఏప్రిల్, మే నెలల్లో విడిభాగాల కొనుగోలు ధర పోగా నెలకు లక్షన్నర వరకు మిగులుతుంది. మార్చి, జూన్‌లలో తొంభై వేల చొప్పున వస్తుంది. జూలై నుంచి ఫిబ్రవరి దాకా ఎనిమిది నెలలు సగటున 35 వేలు మాత్రమే. అంటే ఏడాదిలో మూడింట రెండు వంతుల కాలం, ఇంటి ఖర్చు లెక్కలోకి రాకముందే, నెలకు తొమ్మిది వేల లోటు. ఆ లోటును నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి పూడ్చేవారు. ఎండాకాలం రాగానే మొదటి రాబడి ఆ అప్పుకే పోయేది.

వడ్డీ కంటే పెద్ద నష్టం మరొకటి ఉంది. అది పుస్తకాల్లో కనబడదు. జీతం ఆలస్యమయ్యేసరికి ప్రతి ఆగస్టులోనూ ఒక మెకానిక్ విశాఖపట్నం వెళ్లిపోయేవాడు. మార్చిలో కొత్తవాడిని వెతికి, పని నేర్పి, వాడు తప్పులు చేస్తే మళ్లీ వెళ్లి సరిచేసేలోపు సీజను సగం అయిపోయేది.

మూడేళ్ల బిల్లు పుస్తకాలు తిరగేస్తే సుమారు పదకొండు వందల ఫోను నంబర్లు దొరికాయి. వాటిలో రెండోసారి కనబడినవి ఐదింట ఒకటి. పని నచ్చక రాలేదేమోనని నలభై మందికి ఫోను చేయించాను. పని బాగాలేదన్నవారు ముగ్గురే. సగానికి పైగా జనం దగ్గర ఈయన నంబరే లేదు. మే నెలలో ఏసీ ఆగిపోతే పాత మెకానిక్ ఎవరా అని ఎవరూ వెతుక్కోరు, ముందుగా ఎవరు వస్తే వారితో చేయించుకుంటారు. కాబట్టి ఏడాది పొడవునా సంబంధం నిలిపే ఏఎంసీ, అంటే వార్షిక సర్వీసు ఒప్పందం, పెడదామని చెప్పాను. ఆ ఆలోచన సరైనదే. పెట్టిన పద్ధతిలోనే తప్పు జరిగింది.

మొదటి ప్రయత్నం

మార్చి నెలాఖరున మొదలుపెట్టాం. ఒక స్ప్లిట్ ఏసీకి ఏడాదికి 3,500 రూపాయలు. మూడు సర్వీసులు, ఎన్నిసార్లు పిలిచినా ఉచిత రాకపోకలు, కంప్రెసర్ తప్ప విడిభాగాలన్నీ, గ్యాసుతో సహా. ధర నేనే కట్టాను. ముందటి ఏడాది ఇళ్ల ఏసీలకు బిల్లు అయిన ఖాతాదారులు సగటున 2,600 ఖర్చు పెట్టినట్టు లెక్క తేలింది. దానికి తొమ్మిది వందలు కలిపితే దుకాణానికి లాభం, ఖాతాదారుకు నిశ్చింత అనుకున్నాను. సీజను కాబట్టి అడిగినవారు ఎక్కువ. మే చివరికి 38 ఏసీలకు ఒప్పందాలు అయ్యాయి, 1,33,000 రూపాయలు చేతికి వచ్చాయి. దుకాణదారు సంతోషించారు, నేను ఆయనకంటే ఎక్కువ సంతోషించాను.

సెప్టెంబరులో లెక్క తీస్తే తేలింది ఇది. పదకొండు ఏసీలకు గ్యాసు నింపారు, సరుకు ఖర్చే 19,800. ఏసీని నడిపే ఎలక్ట్రానిక్ పీసీబీ బోర్డులు నాలుగింటికి 14,000. గదిలోని యూనిట్‌లో గాలిని చల్లబరిచే ఇండోర్ కాయిల్స్ ఐదింటికి 37,500. ఫ్యాను మోటార్లు, కెపాసిటర్ల వంటివి 9,000. మొత్తం 80,300. ఇవి కాక ఏప్రిల్, మే నెలల్లో ఈ 38 ఏసీల కోసం 61 సార్లు వెళ్లారు. ఆ రెండు నెలల్లో మెకానిక్ ఉచితంగా ఒక ఇంటికి వెళితే, డబ్బిచ్చే మరో ఇంటి పని ఒకటి వదులుకున్నట్టే. వెళ్లినసారికి 550 చొప్పున వేస్తే 33,550. వచ్చిన సొమ్ములో 19,150 మిగలాలి. ఇంకా ఆరు నుంచి ఎనిమిది నెలల సేవ బాకీ ఉంది. ఆ మిగులు కూడా కాగితం మీదే. వచ్చిన డబ్బు వచ్చినట్టే పిల్లల ఫీజులకు, కొత్త బండి మొదటి వాయిదాకు ఖర్చయిపోయింది.

తప్పు ఎక్కడ జరిగిందో అర్థం చేసుకోవడానికి నాకు రెండు సాయంత్రాలు పట్టింది. సగటు నేను కట్టింది అందరు ఖాతాదారులది. ఒప్పందం తీసుకున్నది అందరూ కాదు. ఎవరి ఏసీ రెండేళ్లుగా సతాయిస్తోందో వారికి 3,500 చవకగా కనబడింది. కొత్త ఏసీ ఉన్నవారు వారంటీ ఉందిలే అనుకుని ఊరుకున్నారు. 38లో 27 ఏసీలు ఆరేళ్లు దాటినవే. ఈ సంగతి బీమా కంపెనీలకు ఎప్పటినుంచో తెలుసు. అందుకే అవి వైద్య పరీక్షలు అడుగుతాయి. మేం ఒక్క ఏసీనీ విప్పి చూడకుండా బీమా అమ్మాం.

గ్యాసు విషయం దుకాణదారుకు నాకంటే బాగా తెలుసు, కాని ఆయనా ఆ కోణంలో ఆలోచించలేదు. ఏసీలో గ్యాసు పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. మూసిన గొట్టాల్లో అది తిరుగుతూనే ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో కారుతోందని అర్థం. గొట్టాలను యూనిట్‌కు బిగించే ఫ్లేర్ నట్టు దగ్గర కారుతుంటే బిగించి, గ్యాసు నింపితే సరిపోతుంది. ఇండోర్ కాయిల్‌లో సూదిమొన అంత చిల్లులు పడితే ఒకటి అతికిన నెలకు ఇంకొకటి బయటపడుతుంది, చివరికి కాయిల్ మార్చాల్సిందే. సముద్రం దగ్గరి ఊళ్లలో ఉప్పుగాలికి ఔట్‌డోర్ యూనిట్ రేకులు కూడా త్వరగా తినేసుకుపోతాయి. కాబట్టి గ్యాసు కూడా కలిపి ఇస్తాం అంటే, మీ ఏసీలో ఇప్పటికే ఉన్న చిల్లుల ఖర్చు మాది అని రాసిచ్చినట్టు.

ఇంకొక తప్పు ఒప్పందాలు అమ్మిన కాలానిది. చేతిలో పని లేని నెలలకు రాబడి తేవడం మా ఉద్దేశం. చేసింది మాత్రం చేతులు ఖాళీలేని నెలల్లో ఉచిత పనులు నెత్తికెత్తుకోవడం.

పాత ఒప్పందాలను ఏం చేశాం

మూడు దారులు కనబడ్డాయి: రద్దు చేసి డబ్బు తిరిగి ఇవ్వడం, ఏదో వంకతో సాగదీయడం, నష్టానికైనా నిలబెట్టుకోవడం. మూడోదే మేలన్నాను. ఈ ఊరు చిన్నది. ఒక డాక్టరుగారి ఇంట్లో మాట పోతే ఆయన క్లినిక్ పోతుంది, ఆ వీధి మొత్తం పోతుంది. అయితే 38 మందికీ చీటీ పంపాం, మిగిలిన నెలల సొమ్ము వెనక్కి కావాలంటే ఇస్తామని. ఐదుగురే తీసుకున్నారు. మిగతావారికి గడువు తీరేదాకా మాట ప్రకారమే చేశారు. ఆ ఏడాది దుకాణదారు ఇంకో అప్పు చేయాల్సి వచ్చింది. దానికి కారణం నా సగటు లెక్క అని ఆయన ఎప్పుడూ అనలేదు. నేనే అంటున్నాను.

రెండో పద్ధతి

ఈసారి ఒప్పందంలో విడిభాగాలు లేవు, గ్యాసు లేదు. ఏసీకి ఏడాదికి 1,800. అదే ఇంట్లో రెండో ఏసీకి 1,400. ఇందులో నీళ్లతో కడిగే పూర్తి సర్వీసులు రెండు, మధ్యలో ఆగిపోతే మూడుసార్ల వరకు రాకపోకల ఛార్జీ లేకుండా రావడం, ఏప్రిల్ నుంచి జూన్ వరకు ఫోను చేసిన 24 గంటల్లో మనిషి రావడం. విడిభాగాల ధరల పట్టిక ఒప్పందం వెనకే అచ్చువేయించాం. ఏ భాగం మార్చినా ఆ ధరే, పాత భాగం ఖాతాదారు చేతికే.

అసలు అమ్ముతున్నది ఆ 24 గంటల మాట. రెండు సర్వీసులను విడిగా చేయించుకున్నా 1,200 అవుతుంది. మే నెలలో మెకానిక్ కోసం నాలుగు రోజులు ఎదురుచూసినవారికి ఆ మాట విలువ తెలుసు. ధరను అక్కడి నుంచే కట్టాం.

సంతకానికి ముందు 300 రూపాయల పరీక్ష తప్పనిసరి చేశాం. ఒప్పందం కుదిరితే ఆ మూడు వందలు అందులో తగ్గిస్తాం. పరీక్షలో చూసేవి ఎక్కువేమీ కాదు. ఫ్లేర్ నట్ల దగ్గర, కాయిల్ వంపుల దగ్గర నూనె మరక ఉందా? ఉంటే అక్కడ గ్యాసు కారుతున్నట్టే, గ్యాసుతోపాటు కంప్రెసర్ నూనె కూడా బయటికి వస్తుంది కాబట్టి. అనుమానం ఉన్నచోట సబ్బు నురగ రాస్తారు, బుడగలు వస్తే రుజువైనట్టు. ఇరవై నిమిషాలు నడిపాక లోపలికి పీల్చే గాలికి, బయటికి వదిలే గాలికి మధ్య తేడా థర్మామీటరుతో చూస్తారు. ఎనిమిది నుంచి పన్నెండు డిగ్రీలు ఉంటే సరే. క్లాంప్ మీటరుతో కరెంటు ఎంత లాగుతోందో చూసి, యూనిట్ మీద అతికించిన చీటీలోని అంకెతో పోలుస్తారు. చివరగా ఎర్తింగు, స్టెబిలైజరు. లోపం దొరికితే ముందు డబ్బు తీసుకుని దాన్ని బాగుచేస్తారు, తర్వాతే ఒప్పందం. కాయిల్ పాడైపోయిన ఏసీకి ఒప్పందం ఇవ్వరు. మొదటి ఏడాది ఏడింటిని అలా కాదన్నారు.

సర్వీసుల నెలలు ఖాతాదారు ఇష్టానికి వదల్లేదు. మొదటిది నవంబరు, డిసెంబరుల్లో. అక్టోబరులోనే పెడదామని నేను అన్నాను, దుకాణదారు ఒప్పుకోలేదు. “అక్టోబరును నమ్మకండి బాబూ” అన్నారు. హుద్‌హుద్ తుపాను 2014లో, తిత్లీ తుపాను 2018లో, రెండూ అక్టోబరు రెండో వారంలోనే వచ్చాయి. తుపాను తర్వాత కరెంటు వచ్చీపోయీ ఎక్కడ ఏ బోర్డు కాలుతుందో తెలియదు, ఆ పది రోజులు అత్యవసర పనులే ఉంటాయి. రెండో సర్వీసు ఫిబ్రవరి నుంచి మార్చి రెండో వారం లోపు. చల్లబడటం లేదని ఏప్రిల్‌లో వచ్చే ఫోన్లలో పెద్ద భాగం మురికి పట్టిన ఫిల్టరు, కాయిల్ వల్ల వచ్చేవే. ఇంట్లోకి నీళ్లు కారుతున్నాయనే ఫోను అయితే దాదాపు ఎప్పుడూ మూసుకుపోయిన డ్రెయిన్ పైపే. ఫిబ్రవరిలో కడిగితే ఈ ఫోన్లు పుట్టవు.

ఒక ఒప్పందం లెక్క ఇలా ఉంటుంది. రెండు సర్వీసులకు పెట్రోలు, శుభ్రం చేసే ద్రావకం కలిపి 240. అవి పనిలేని నెలలు కాబట్టి మెకానిక్ జీతం ఎలాగూ ఇవ్వాల్సిందే, దాన్ని మళ్లీ వేయలేదు. సీజనులో ఒకసారి ఉచితంగా వెళ్లాల్సి వస్తుందనుకుంటే 550. ఇంకా వెయ్యి రూపాయలు మిగులుతాయి.

ఎవరు కొన్నారు

దుకాణంలో బోర్డు పెట్టి, కరపత్రాలు పంచితే మూడు వారాల్లో నాలుగు ఒప్పందాలు అయ్యాయి. నవంబరులో ఏసీ గురించి ఎవరికీ ధ్యాస ఉండదు. బాగానే పనిచేస్తోంది కదా అనేది అందరి జవాబు.

మరమ్మతు ముగిసిన ఆ పది నిమిషాలు మాత్రం వేరు. కడిగిన నల్లటి నీళ్ల బకెట్టు ఇంకా గదిలోనే ఉంటుంది, బిల్లు ఇంకా చేతిలోనే ఉంటుంది. అప్పుడు మెకానిక్ ఒకే మాట చెప్పాలి: ఈ రోజు సర్వీసు ఛార్జీని ఒప్పందంలో తగ్గించుకోవచ్చు. ఒక్కో ఒప్పందానికి మెకానిక్‌కు వంద రూపాయలు ఇచ్చాం. మొదట రెండు వందలు పెడదామనుకున్నాం. అంత పెడితే పరీక్షలో చిల్లు కనబడినా చూడనట్టు ఊరుకుంటాడేమోనన్న భయం వేసింది.

అసలైన కొనుగోలుదారును మేం వెతకలేదు, ఆయనే వచ్చాడు. ఈ జిల్లాలో పిల్లలు హైదరాబాదులోనో, బెంగళూరులోనో, గల్ఫులోనో ఉంటారు, పెద్దవాళ్లు ఇక్కడ ఉంటారు. సంక్రాంతికి వచ్చిన కొడుకు ఏసీ పెట్టించి వెళతాడు. మే నెలలో అది ఆగిపోతే తండ్రి ఎవరినీ పిలవడు, కిటికీ తీసుకుని పడుకుంటాడు. అలా ఒక కొడుకు సంక్రాంతి సెలవుల్లో దుకాణానికి వచ్చాడు. “నాన్నగారు మీకు ఫోను చేయరండీ. మీరే వెళ్లి చూసి నాకు ఫొటో పంపండి, డబ్బు నేను పంపుతాను” అన్నాడు. ఆ మాటతో మా కాగితం మారిపోయింది. ఒప్పందంలో రెండు నంబర్లు రాయడం మొదలుపెట్టాం, ఇంట్లో ఉండేవారిది, డబ్బు కట్టేవారిది. సర్వీసు అయ్యాక మూడు ఫొటోలు వాట్సాప్‌లో వెళతాయి: కడగకముందు కాయిల్, కడిగాక కాయిల్, థర్మామీటరు అంకె. సంక్రాంతి వారంలోనే పదమూడు ఒప్పందాలు అయ్యాయి. పండగకు దుకాణం మూసే అలవాటున్న ఆయన ఆ ఏడాది కనుమ నాడు కూడా తెరిచారు.

లాడ్జీలు, క్లినిక్‌లు చూడటానికి పెద్ద బేరం. కాని రాత్రింబవళ్లు నడిచే ఏసీకి రెండు సర్వీసులు చాలవు, నాలుగు కావాలి. ఇంటి ధరకు ఒప్పుకుంటే మునుగుతాం. పద్నాలుగు ఏసీలున్న ఒక లాడ్జీ ఏడాది చివర డబ్బు ఇస్తామంది, వద్దన్నాం. రథసప్తమికి అరసవల్లి వచ్చే జనంతో గదులు నిండుతాయి. దానికి ముందు సర్వీసు కావాలని వారే జనవరిలో మళ్లీ వచ్చారు. ఈసారి మూడు నెలలకు ఒకసారి ముందే చెల్లించే పద్ధతి కుదిరింది. ఆ లెక్క వేరే పుస్తకంలో ఉంది, ఇక్కడి అంకెల్లో కలపలేదు.

ముందే వచ్చిన డబ్బు

మొదటిసారి డబ్బు ఎలా ఆవిరైందో చూశాం కాబట్టి ఈసారి వేరే బ్యాంకు ఖాతా తెరిపించాను. ఒప్పందం సొమ్ము నేరుగా అందులోకే వెళుతుంది. ప్రతి నెలా ఒకటో తేదీన అందులోంచి పన్నెండో వంతు మాత్రమే దుకాణం ఖాతాకు వస్తుంది. సర్వీసు చేసినప్పుడు ఎక్కువ, చేయనప్పుడు తక్కువ తీసుకోవడం న్యాయమని దుకాణదారు వాదించారు. లెక్కల శాస్త్రం ప్రకారం ఆయన మాటే సరి. కాని మాకు కావలసింది ఆగస్టులో జీతం. ఆగస్టులో సర్వీసు ఒక్కటీ ఉండదు. అందుకే పన్నెండో వంతుకే కట్టుబడ్డాం. ఎవరైనా మధ్యలో మానేస్తే ఎంత తిరిగి ఇవ్వాలో కూడా ఆ ఖాతాయే చెబుతుంది.

జీఎస్టీ గురించి ఒక మాట. ఈ దుకాణం మొత్తం టర్నోవరు, విడిభాగాల అమ్మకం కలిపి, 20 లక్షల లోపే ఉంది కాబట్టి నమోదు అవసరం రాలేదు. దాటేవారు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. మామూలుగా నమోదైన దుకాణానికి సేవల మీద ముందుగా తీసుకున్న సొమ్ముకు, పని తర్వాత చేసినా, తీసుకున్నప్పుడే పన్ను లెక్క మొదలవుతుంది. ధర కట్టేటప్పుడే ఆ 18 శాతం చూసుకోవాలి.

ఏడాది తర్వాత

మార్చి నాటికి 64 ఇళ్లు, 96 ఏసీలు. వచ్చిన సొమ్ము 1,60,000. పన్నెండో వంతు 13,300 పైచిలుకు, అంటే ఆ తొమ్మిది వేల లోటు పూడి కొంత మిగిలింది. ఏప్రిల్, మే నెలల్లో ఈ 96 ఏసీల కోసం వెళ్లింది 38 సార్లు. ముందటి ఏడాది 38 ఏసీలకు 61 సార్లు వెళ్లిన దుకాణమే ఇది. ఖర్చులు పోగా నికరంగా 1,16,000 దాకా మిగిలింది. అయితే అదంతా కొత్త రాబడి కాదు. 64 మందిలో 22 మంది ఒప్పందం లేకపోయినా ఈయననే పిలిచే పాత ఖాతాదారులు. వారి దగ్గర విడిగా వచ్చే డబ్బే ఇప్పుడు ముందుగా వచ్చింది.

రెండో ఏడాదికి 45 మంది కొనసాగించారు. బయటి ఊళ్ల నుంచి పిల్లలు డబ్బు కట్టే ఇళ్లు 21 ఉంటే, వాటిలో 19 నిలిచాయి. మిగతా 43లో 26 మాత్రమే నిలిచాయి. మానేసినవారిని అడిగితే ఎక్కువమంది చెప్పింది ఒకటే: ఏడాదంతా ఏసీ ఆగలేదు, డబ్బు వృథా అయింది. ఏసీ ఆగకపోవడమే మా పని అని వారికి మేం ఎక్కడా చూపించలేదు. ఫొటోలు బయటి ఊళ్లవారికే పంపాం. ఇంట్లో ఉన్నవారు చూశారులే అనుకున్నాం. సర్వీసు జరిగేటప్పుడు వారు వంటింట్లోనో, ఆఫీసులోనో ఉన్నారు. ఇప్పుడు అందరికీ ఫొటోలు వెళుతున్నాయి. గడువుకు నెల ముందు, రెండు సర్వీసుల్లోని థర్మామీటరు అంకెలు పక్కపక్కన రాసిన చీటీతో మెకానిక్ స్వయంగా వెళుతున్నాడు.

ఎన్ని ఒప్పందాల దగ్గర ఆపాలన్నది ఇప్పుడు మా మధ్య నడుస్తున్న వాదన. గత మే నెలలో అన్నిటికంటే రద్దీ రోజున ఒప్పందం ఇళ్ల నుంచి నాలుగు ఫోన్లు వచ్చాయి. ఇద్దరు మెకానిక్‌లు రోజుకు పది ఇళ్లు చూడగలరు. 200 ఏసీలు దాటితే అలాంటి రోజున ఎనిమిదికి పైగా చోట్లు ఒప్పందాలకే పోతాయి, బయటి నుంచి డబ్బిచ్చే ఖాతాదారుకు మనిషి ఉండడు. మూడో మెకానిక్‌ను పెడదామని ఆయన అంటున్నారు. నేను ఇంకో ఏడాది 150 దగ్గర ఆగుదామంటున్నాను. మొన్న ఆగస్టులో ఏ మెకానిక్ కూడా విశాఖపట్నం వెళ్లలేదని చెప్పి ఆయన నా నోరు మూయించారు. ప్రస్తుతానికి 160 దగ్గర ఆపాం.